మూడింతలైంది సరే, ఎన్నేళ్లలో?

ఎప్పుడో కొన్న స్థలం గురించి మాట వస్తే మన ఇళ్లలో వినిపించే లెక్క ఒకటే ఉంటుంది. ‘‘పది లక్షలకు కొన్నాం, ఇప్పుడు ముప్పై పలుకుతోంది, మూడింతలైంది’’ అంటారు. విన్నవాళ్లు కూడా ‘‘మంచి పని చేశారు’’ అంటారే తప్ప ఎన్నేళ్లకైంది అని అడగరు. అదే మనిషి తెలిసినవాళ్లకు అప్పు ఇచ్చేటప్పుడు మాత్రం రెండు రూపాయల వడ్డీ అంటాడు. నూటికి, నెలకు అని వేరే చెప్పనక్కర్లేదు, వినేవాడికి అర్థమవుతుంది. అప్పు దగ్గర కాలాన్ని ఒక్క నెల కూడా వదలని మనం, సొంత పెట్టుబడి దగ్గరికి వచ్చేసరికి దాన్ని పూర్తిగా వదిలేస్తున్నాం.

ఆ స్థలం 12 ఏళ్ల కిందట కొన్నదనుకుందాం. పది లక్షలు ముప్పై లక్షలైతే పెరిగింది ఇరవై లక్షలు, అంటే 200 శాతం. దీన్నే అబ్సల్యూట్ రిటర్న్ అంటారు. పెట్టినదాని మీద మొత్తం ఎంత పెరిగిందో చెబుతుంది, అంతవరకే. రెండేళ్లలో 200 శాతమైనా ఇరవై ఏళ్లలో 200 శాతమైనా దానికి ఒకటే.

కాలాన్ని లెక్కలోకి తేవాలంటే చాలామంది వెంటనే చేసే పని భాగహారం. 200ను 12తో భాగిస్తే 16.67. ‘‘ఏడాదికి పదహారున్నర శాతం పైనే’’ అని తృప్తిపడతారు. ఇది బారువడ్డీ లెక్క. ఏటా వచ్చిన పెరుగుదల మళ్లీ పెరుగుతూ పోయిన సొమ్ముకు ఇది వర్తించదు. అనుమానముంటే వెనక్కి లెక్కవేసి చూడండి. పది లక్షలు నిజంగా ఏటా 16.67 శాతం చొప్పున పెరిగి ఉంటే పన్నెండేళ్లకు 63 లక్షలు దాటాలి. చేతికొచ్చేది ముప్పై లక్షలే. ముప్పైకి సరిగ్గా చేర్చే చక్రవడ్డీ రేటు 9.59 శాతం. యాన్యువలైజ్డ్ రిటర్న్ అన్నా, మ్యూచువల్ ఫండ్ల కాగితాల్లో కనిపించే సీఏజీఆర్ అన్నా ఇదే. మొదటి విలువను ప్రతి ఏటా ఒకే రేటుతో పెంచుకుంటూ పోతే చివరి విలువకు చేర్చే రేటు అది. ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఈ ఒక్క వరుస కొడితే చాలు:

```
=(30/10)^(1/12)-1
```

0.0959 అని వస్తుంది. నూటితో గుణిస్తే శాతం.

స్థలం విషయంలో ఇంకొక మాట చెప్పాలి. పది లక్షలకు కొన్నామంటాం గానీ రిజిస్ట్రేషన్‌కూ కాగితాలకూ అయిన ఖర్చు అందులో కలపం. అది 75 వేలు అనుకోండి. అమ్మేటప్పుడు మధ్యవర్తికి రెండు శాతం ఇచ్చామనుకోండి, చేతికొచ్చేది 29.4 లక్షలు. అప్పుడు రేటు 9.59 నుంచి 8.7 శాతానికి దిగుతుంది. మూడింతలన్న మాటలో ఉన్న వెలుగు ఇక్కడికి వచ్చేసరికి బ్యాంకు డిపాజిట్‌కు కొంచెం పైన ఆగింది. స్థలం కొనడం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. పోల్చుకోదగ్గ అంకె మాత్రం 8.7, 200 కాదు.

ఒకసారి పెట్టి, మధ్యలో వేయకుండా తీయకుండా, చివర్లో ఒకసారి తీసుకున్న సొమ్ముకు సీఏజీఆర్ చక్కగా సరిపోతుంది. స్థలం, ఒకేసారి వేసిన డిపాజిట్, మీ అమ్మాయి పుట్టినప్పుడు కొన్న బంగారం, అన్నిటికీ ఇది చాలు. చిక్కు ఎక్కడొస్తుందంటే మనలో ఎక్కువమంది పెట్టుబడి పెట్టేది అలా కాదు. నెలనెలా సిప్, బోనస్ వచ్చినప్పుడు కాస్త, పిల్లల ఫీజుకు మధ్యలో తీసుకున్నది కాస్త. అక్కడ సీఏజీఆర్ వాడితే లెక్క దారి తప్పుతుంది, అదీ చాలా దూరం.

దీన్ని నిజమైన అంకెలతో చూద్దాం. నిఫ్టీ 50 సూచీ 2019 ఆఖరి రోజున 12,168 దగ్గర ముగిసింది. 2024 ఆఖరి రోజున 23,645 దగ్గర ముగిసింది. ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. అన్నయ్య 2019 డిసెంబరు 31న ఐదు లక్షలూ ఒకేసారి పెట్టాడు. తమ్ముడి దగ్గర అంత సొమ్ము లేదు. 2019 నుంచి 2023 దాకా ప్రతి ఏడాది ఆఖరి ట్రేడింగ్ రోజున లక్ష చొప్పున పెట్టాడు. మొత్తం అతనిదీ ఐదు లక్షలే. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఇద్దరి సొమ్మూ సరిగ్గా సూచీతో పాటే పెరిగిందనుకుందాం. డివిడెండ్లు, ఫండ్ ఖర్చులు పక్కన పెడదాం.

2024 చివరికి అన్నయ్య ఐదు లక్షలు 9 లక్షల 71 వేలు దాటాయి. అబ్సల్యూట్ రిటర్న్ 94.3 శాతం. తమ్ముడి మొదటి లక్ష 1,94,313 అయింది. నిఫ్టీ 13,982 దగ్గర ఉండగా 2020 చివర పెట్టిన లక్ష 1,69,112 అయింది. 17,354 దగ్గర 2021లో పెట్టింది 1,36,250, 18,105 దగ్గర 2022లో పెట్టింది 1,30,596, 21,731 దగ్గర 2023లో పెట్టింది 1,08,805 అయ్యాయి. అన్నీ కలిపితే 7,39,076. అబ్సల్యూట్ రిటర్న్ 47.8 శాతం.

పండగకు కలిసినప్పుడు ఇద్దరూ యాప్ తెరిచి చూసుకుంటే తమ్ముడి మనసు చిన్నబోతుంది. ‘‘అన్నయ్యకు 94, నాకు 48. అదే సూచీ, అవే ఐదేళ్లు, అదే ఐదు లక్షలు. సిప్ అంతా వట్టిదే’’ అనుకుంటాడు. ఏడాదికి లెక్క కడదామని ఐదేళ్ల సీఏజీఆర్ వేస్తే ఇంకా నిరాశ. అన్నయ్యకు 14.2 శాతం, తనకు 8.1 శాతం. డిపాజిట్ కన్నా ఒక శాతమో అరశాతమో ఎక్కువ, దానికింత రిస్కా అనిపిస్తుంది. ఈ దశలో సిప్ ఆపేసేవాళ్లు నిజంగానే ఉంటారు. అందుకే ఈ తేడా తెలిసి ఉండాలని గట్టిగా చెబుతున్నాను.

ఆ 8.1 ఎందుకు తప్పు? ఐదేళ్ల సీఏజీఆర్ వేసినప్పుడు తమ్ముడి ఐదు లక్షలూ ఐదేళ్లపాటు మార్కెట్లో ఉన్నాయని ఒప్పుకున్నట్టయింది. నిజానికి ఐదేళ్లున్నది మొదటి లక్ష ఒక్కటే. రెండోది నాలుగేళ్లు, మూడోది మూడేళ్లు, చివరిది ఒక్క ఏడాది. ఏడాది వయసున్న లక్షను ఐదేళ్ల లక్షతో సమానంగా పని చేయలేదని తప్పుపట్టడం ఆ లెక్క చేసే అన్యాయం.

ఇక్కడే ఎక్స్‌ఐఆర్‌ఆర్ కావాలి. అది వేసే ప్రశ్న ఒక్కటే. ప్రతి లక్షనూ అది పెట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఒకే చక్రవడ్డీ రేటుతో పెంచుకుంటూ వస్తే, అన్నీ కలిపి 7,39,076కు చేర్చే రేటు ఏది? దీనికి నేరుగా సూత్రం లేదు. ఊహించి, చూసి, సవరించుకోవాలి. పది శాతం అనుకుందాం. ఐదు లక్షలూ కలిపి 6,71,561 అవుతాయి. చాలలేదు. పదిహేను అనుకుందాం. 7,75,374 వస్తుంది, ఎక్కువైంది. పదమూడు అంటే 7,32,271, దగ్గరికొచ్చాం. 13.3 దగ్గర సరిపోతుంది. కంప్యూటర్ చేసేది కూడా ఇదే ఊహ, సవరణ. కాకపోతే కనురెప్ప పాటులో చేస్తుంది, ఏళ్లకు బదులు రోజులు లెక్కపెడుతుంది.

అంటే అన్నయ్యకు 14.2, తమ్ముడికి 13.3. తొంభై నాలుగుకూ నలభై ఎనిమిదికీ మధ్య కనిపించిన అంతరం ఒక శాతంలోపుకు వచ్చేసింది. తమ్ముడి సొమ్ము అన్నయ్య సొమ్ముకు దాదాపు సమానంగానే పని చేసింది. అన్నయ్య చేతిలో ఎక్కువ డబ్బు ఉండడానికి కారణం అతని సొమ్ము అందరికన్నా ముందు వెళ్లి కూర్చోవడం.

కంప్యూటర్ దగ్గర లేనప్పుడు నోటి లెక్కకు ఒక పద్ధతి ఉంది. పెట్టిన సొమ్ముకు సగటు వయసు కట్టండి. తమ్ముడి లక్షల వయసులు 5, 4, 3, 2, 1. సగటు మూడేళ్లు. 47.8 శాతాన్ని ఐదేళ్లకు కాక మూడేళ్లకు సీఏజీఆర్ వేస్తే 13.9 వస్తుంది. అసలు రేటుకు అరశాతం పైనుంది, అంతే. నెలనెలా సమానంగా కట్టే సిప్‌కైతే సగటు వయసు మొత్తం కాలంలో దాదాపు సగం. ఐదేళ్ల సిప్‌లో 37 శాతం లాభం కనిపిస్తే దాన్ని రెండున్నరేళ్ల లాభంగా చదువుకోవాలి. యాప్ చూపించే అంకె ఈ అంచనాకు బొత్తిగా దూరంగా ఉంటే ఎక్కడో తేదీ గానీ మొత్తం గానీ తప్పుపడిందని అనుమానించవచ్చు.

ఇక సొంతంగా వేసుకునే పద్ధతి. తమ్ముడి లెక్క షీట్‌లో ఇలా ఉంటుంది. మొదటి వరుసలో తేదీ, రెండో వరుసలో మొత్తం:

```
A1  31-12-2019   B1  -100000
A2  31-12-2020   B2  -100000
A3  31-12-2021   B3  -100000
A4  30-12-2022   B4  -100000
A5  29-12-2023   B5  -100000
A6  31-12-2024   B6   739076

=XIRR(B1:B6, A1:A6)
```

జేబులోంచి వెళ్లింది మైనస్, జేబులోకి వచ్చింది ప్లస్. చివరి వరుసలో ఈ రోజు విలువ. అమ్మకపోయినా ఈ రోజే అంతా అమ్మేసి తీసుకున్నట్టు ప్లస్ గుర్తుతో వేయాలి. ఈ చివరి వరుస మరిచిపోయినా, మైనస్‌లు పెట్టకపోయినా `#NUM!` అని వస్తుంది. వెళ్లిన సొమ్మూ వచ్చిన సొమ్మూ రెండూ లేకపోతే దానికి రేటు దొరకదు.

అలా మొహం మీద చెప్పే తప్పు కన్నా చెప్పకుండా జరిగిపోయే తప్పుతో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అది తేదీలది. మన పద్ధతిలో 05-04-2021 అంటే ఏప్రిల్ 5. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే అది దాన్ని మే 4గా చదువుకుంటుంది. 25-04-2021 అన్నది అసలు తేదీగానే ఒప్పుకోదు, దాన్ని మామూలు అక్షరాల్లా పక్కన పెడుతుంది. నెల పేరు అక్షరాల్లో కనిపించే తేదీ రూపానికి మార్చుకుంటే ఏ తేదీ దేనిగా చదువుకుందో కంటికి తెలిసిపోతుంది. పాత లావాదేవీల తేదీలు గుర్తు లేకపోతే కామ్స్ గానీ, హైదరాబాద్‌లోని కెఫిన్‌టెక్ గానీ ఈమెయిల్‌కు పంపే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. అడిగేటప్పుడు సారాంశం కాక లావాదేవీలన్నీ ఉండే డీటెయిల్డ్ స్టేట్‌మెంట్ అడగాలి, మొదటి తేదీని మీ తొలి పెట్టుబడికి ముందు పెట్టాలి.

మధ్యలో చేతికందిన డివిడెండ్, పాక్షికంగా తీసుకున్న సొమ్ము, అన్నీ ప్లస్‌గా వాటి తేదీలతో పడాలి. ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కు మారినవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. మారిన రోజు నుంచే కొత్త ఫండ్ లెక్క మొదలవుతుంది కాబట్టి పాత ఫండ్‌లో నాలుగేళ్లు పోగొట్టుకున్నది కొత్త ఫండ్ అంకెలో కనిపించదు. మొత్తం ప్రయాణం తెలియాలంటే జేబులోంచి మొదట వెళ్లిన సొమ్ముతో మొదలుపెట్టి, మార్పిడిని లెక్కలోంచి వదిలేసి, ఈ రోజు విలువతో ముగించాలి. మారేటప్పుడు కట్టిన పన్నును మాత్రం మైనస్‌గా చేర్చాలి, అది జేబులోంచి వెళ్లిందే కాబట్టి.

ఇదే పద్ధతి మన ఇళ్లలో చాలా ఏళ్లుగా ఉన్న ఎండోమెంట్ పాలసీల మీద ప్రయోగిస్తే చాలా విషయాలు తేటపడతాయి. ఏటా 50 వేల ప్రీమియం, 20 ఏళ్లు, చివర్లో బోనస్‌లతో కలిపి 18 లక్షల 40 వేలు వస్తాయనుకుందాం. పాలసీ అమ్మడానికి వచ్చినవాళ్లు కట్టేది పది లక్షలు, వచ్చేది పద్దెనిమిదిన్నర లక్షలు, దాదాపు రెట్టింపు అని చెబుతారు. అది 84 శాతం అబ్సల్యూట్ రిటర్న్. ఇంట్లో ఉద్యోగంలో చేరిన కొడుకు ఇరవై ఏళ్ల సీఏజీఆర్ వేసి, ‘‘నాన్నా, ఇది మూడు శాతం’’ అంటాడు. రెండూ సరికావు. పది లక్షలూ మొదటి రోజే కట్టలేదు, ఇరవయ్యో ప్రీమియం అందులో ఏడాదే ఉంది. ఎక్స్‌ఐఆర్‌ఆర్ వేస్తే వచ్చేది 5.5 శాతం.

ఆ 5.5ను దేనితో పోల్చాలి? పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 2025 దాకా 7.1 శాతం దగ్గరే ఉంది. అదే రేటు ఇరవై ఏళ్లూ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఉందనుకుంటే ఏటా 50 వేలు అక్కడ 22 లక్షల 19 వేలు అయ్యేవి. తేడా 3 లక్షల 79 వేలు. పాలసీలో ఇరవై ఏళ్లపాటు జీవిత బీమా ఉంది, దానికీ ఖర్చు ఉంటుంది. కాబట్టి అసలు ప్రశ్న, అదే రక్షణ ఇచ్చే టర్మ్ పాలసీకి అన్నేళ్లలో ఆ తేడా కన్నా తక్కువ పడేదా అన్నది. 84 శాతం అనే అంకె పట్టుకుని కూర్చుంటే ఆ ప్రశ్న వేయాలన్న ఆలోచనే రాదు. మూడు శాతం అనే అంకె పట్టుకుంటే పాలసీ మీద లేనిపోని కోపం వస్తుంది.

ఇంతవరకూ ఎక్స్‌ఐఆర్‌ఆర్ వైపే మాట్లాడాను. అది కూడా మోసపుచ్చే చోట్లున్నాయి. మొదటిది తక్కువ కాలం. లక్ష రూపాయలు పెట్టిన 30 రోజులకు లక్షా నాలుగు వేలయ్యాయి. లాభం నాలుగు శాతం. ఎక్స్‌ఐఆర్‌ఆర్ మాత్రం 61 శాతం అంటుంది. ఇదే జోరు పన్నెండు నెలలూ సాగితే ఏమవుతుందో అది చెబుతోంది. అలా సాగుతుందన్న హామీ ఎవరిచ్చారు? మరుసటి నెల నాలుగు శాతం పడితే ఆ 61 కాస్తా సున్నా దిగువకు పోతుంది. సిప్ మొదలుపెట్టి ఆరేడు నెలలైనవాళ్లు యాప్‌లో కనిపించే అంకె చూసి పొంగిపోయినా కుంగిపోయినా కారణం ఇదే. ఏడాది నిండని పెట్టుబడికి అబ్సల్యూట్ రిటర్నే నిజాయతీ గల అంకె. ఫండ్ సంస్థల కాగితాల్లోనూ ఏడాదికి పైబడిన రాబడినే సీఏజీఆర్‌గా చూపిస్తారు.

రెండోది ఇంతకన్నా లోతైనది, దీన్ని గమనించేవాళ్లు తక్కువ. ఎక్స్‌ఐఆర్‌ఆర్‌కు సొమ్ము బయటికొచ్చాక దాని గతి ఏమైందో తెలియదు. కొవిడ్ భయంతో మార్కెట్ కూలిన 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. ఆ రోజు ధైర్యం చేసి లక్ష పెట్టినామె ఆ ఏడాది ఆఖరి రోజున మొత్తం అమ్మేసిందనుకుందాం. చేతికి 1,83,723 వచ్చాయి. ఎక్స్‌ఐఆర్‌ఆర్ దాదాపు 119 శాతం. ఆ సొమ్మును మళ్లీ ఎక్కడా పెట్టలేదు, మూడు శాతం వడ్డీ వచ్చే సేవింగ్స్ ఖాతాలో వదిలేసింది. 2024 ఆఖరికి అది దాదాపు 2 లక్షల 7 వేలు. అదే రోజు అంతే పెట్టిన మరొకావిడ అసలు కదిలించలేదు. ఆమె లక్ష 3 లక్షల 10 వేలు దాటింది, రేటు 26.8 శాతం. ఇద్దరి యాప్‌లూ పక్కపక్కన పెడితే 119 శాతం చూపించే యాప్ మొదటామెది. ఎక్కువ డబ్బు ఉన్నది రెండో ఆవిడ దగ్గర. మొదటామె సేవింగ్స్ ఖాతాను కూడా లెక్కలో చేర్చి, 2024 చివరి విలువతో ముగిస్తే ఆమె అసలు రేటు 16.4 శాతానికి వస్తుంది. అందుకే మధ్యలో అమ్మిన పెట్టుబడుల అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ సొమ్ము తర్వాత ఎక్కడుందో దాన్నీ కలిపి ఒకే షీట్‌లో వేస్తేనే మీ కుటుంబం సొమ్ము ఎలా పెరిగిందో తెలుస్తుంది. ఒక్కో ఫండ్ ఎక్స్‌ఐఆర్‌ఆర్ తీసి వాటి సగటు కట్టినా ఆ సమాధానం రాదు. ఐదు వేలు ఉన్న ఫండ్‌లోని 25 శాతమూ ఐదు లక్షలున్న ఫండ్‌లోని 10 శాతమూ సమానంగా తూగిపోతాయి.

మూడోది, ఎక్స్‌ఐఆర్‌ఆర్ చూసి ఫండ్‌ను తిట్టడం. అన్నదమ్ముల లెక్కకే వద్దాం. ఇంకొకాయన 2019 చివర లక్ష పెట్టి, మధ్యలో ఏమీ పెట్టక, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములోంచి 2023 చివర పది లక్షలు పెట్టాడనుకుందాం. మొత్తం 11 లక్షలు 2024 ఆఖరికి 12 లక్షల 82 వేలయ్యాయి. ఎక్స్‌ఐఆర్‌ఆర్ 11.2 శాతం. ఫండ్ కాగితంలో ఐదేళ్ల సీఏజీఆర్ 14.2 అని ఉంది. ‘‘వాళ్లకు పద్నాలుగు, నాకు పదకొండా, మధ్యలో మూడు శాతం ఎవరు తిన్నారు?’’ అని ఆయన అడిగితే సమాధానం ఎవరూ తినలేదనే. ఆయన సొమ్ములో పదకొండు వంతుల్లో పది వంతులు చివరి ఏడాదే మార్కెట్లో ఉన్నాయి, ఆ ఏడాది సూచీ పెరిగింది 8.8 శాతం. కాగితంలోని సీఏజీఆర్ మొదటి రోజు పెట్టిన రూపాయి కథ చెబుతుంది. ఎక్స్‌ఐఆర్‌ఆర్ మీ రూపాయలు ఎప్పుడు వెళ్లాయో ఆ కథ చెబుతుంది. మొదటిది ఫండ్ పనితనం, రెండోదాంట్లో ఫండ్ పనితనంతో పాటు మీ తేదీలూ కలిసి ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మరి నా ఫండ్ బాగా చేసిందా లేదా అన్నది ఎలా తేల్చుకోవాలి? మీ షీట్‌లో ఇంకో వరుస గీయండి. మీరు పెట్టిన ప్రతి తేదీకీ అదే సొమ్ము ఆ రోజు సూచీలో పెట్టినట్టు, తీసిన ప్రతి తేదీకీ సూచీలోంచి తీసినట్టు లెక్కవేయండి. సొమ్మును ఆ రోజు సూచీ విలువతో భాగిస్తే ఎన్ని యూనిట్లో వస్తుంది. మిగిలిన యూనిట్లను ఈ రోజు సూచీ విలువతో గుణిస్తే చివరి వరుసలో వేయాల్సిన అంకె దొరుకుతుంది. దాని మీద మళ్లీ `XIRR` వేయండి. రిటైరైన ఆయనకు సూచీ మీదా 11.2 వస్తే ఫండ్ తప్పేమీ లేదు. సూచీ మీద 11.2 వచ్చి ఫండ్ మీద 9 వస్తే అప్పుడు అడగాల్సిన ప్రశ్నలున్నాయి. తేదీలు రెండుచోట్లా ఒకటే కాబట్టి ఇప్పుడు మిగిలిన తేడా ఫండ్‌దే.

ఈ పోలిక వేసేటప్పుడు సూచీ ఎంపికలో పొరపాటు పడకూడదు. టీవీల్లో కింద పరుగెత్తే నిఫ్టీ అంకెలో కంపెనీలు ఇచ్చే డివిడెండ్లు ఉండవు. నేను పైన వాడిందీ ఆ నిఫ్టీనే. మీ గ్రోత్ ఫండ్ ఎన్‌ఏవీలో మాత్రం ఆ డివిడెండ్లు కలిసి ఉంటాయి. డివిడెండ్లు లేని సూచీతో పోలిస్తే ఏ ఫండ్ అయినా ఉన్నదానికన్నా ఘనంగా కనిపిస్తుంది. అందుకే సెబీ 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్ సంస్థలు తమ రాబడిని టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తోనే పోల్చి చూపాలని నిబంధన పెట్టింది. నిఫ్టీ ఇండిసెస్ వెబ్‌సైట్‌లో పాత విలువలు తేదీలవారీగా దొరుకుతాయి. అక్కడ నిఫ్టీ 50 అని కాక నిఫ్టీ 50 టీఆర్‌ఐ అని ఉన్నదాన్ని ఎంచుకుని, మీ షీట్‌లోని రెండో వరుసకు ఆ విలువలే వాడాలి. మీ ఫండ్ మిడ్‌క్యాప్ అయితే దానికి తగ్గ మిడ్‌క్యాప్ టీఆర్‌ఐ తీసుకోవాలి.